ముందుగా ముగించిన పాప ప్రోగ్రెస్ కార్డులో ఏం రాయాలి?

పరీక్షలు ముగిసి ప్రోగ్రెస్ కార్డులు నింపే రోజుల్లో ఉపాధ్యాయులు ఎక్కువసేపు ఆలోచించేది వెనుకబడిన పిల్లల గురించి. వారి విషయంలో ఏం రాస్తే తల్లిదండ్రులు నొచ్చుకుంటారో, ఏం రాస్తే పట్టించుకుంటారో తూచి తూచి రాస్తారు. అన్నీ త్వరగా, సరిగా చేసేసే పాప కార్డు చేతికి రాగానే మాత్రం కలం ఆగకుండా సాగిపోతుంది: ‘చాలా తెలివైన విద్యార్థిని. అందరికంటే ముందుగా పూర్తి చేస్తుంది. ఇలాగే కొనసాగించాలి.’ మన బడుల్లో అత్యంత నిర్లక్ష్యంగా రాసే వ్యాఖ్య ఇదేనని నా నిశ్చితాభిప్రాయం. మెచ్చుకోలులా కనిపిస్తుంది కాబట్టి దీన్ని ఎవరూ ప్రశ్నించరు. ఆ పాపకు ఈ సంవత్సరం బడి కొత్తగా ఏం నేర్పిందో, వచ్చే సంవత్సరం ఏం నేర్పబోతోందో ఇందులో ఒక్క ముక్క కూడా లేదు.

ఆ మూడు వాక్యాలను విడదీసి చూద్దాం. ‘తెలివైనది’ అన్నది పాప చేసిన పని గురించి కాదు, పాపకు వేసిన ముద్ర. ‘అందరికంటే ముందుగా’ అన్నది ఆమె గురించి కన్నా మిగిలిన నలభై మంది గురించి ఎక్కువ చెబుతుంది. గొప్పలు చెప్పుకున్నట్టు ధ్వనించేది కూడా ఈ పోలిక దగ్గరే. ‘ఇలాగే కొనసాగించాలి’ అన్నది మరీ చిత్రమైన సలహా. ఇరవై నిమిషాల పనిని ఎనిమిది నిమిషాల్లో ముగించి, మిగిలిన పన్నెండు నిమిషాలు ఖాళీగా కూర్చుంటున్న పాపను అలాగే కూర్చోమని చెప్పడమే అవుతుంది. తరచుగా అదే కార్డులో, ప్రవర్తన గడిలో, ‘పక్కవారితో మాట్లాడటం తగ్గించుకోవాలి’ అని కూడా ఉంటుంది. పొగడ్తకూ ఫిర్యాదుకూ మూలం ఆ పన్నెండు నిమిషాలేనని రాసినవారు గమనించరు.

1998లో క్లాడియా ముల్లర్, కరోల్ డ్వెక్ అనే మనస్తత్వ పరిశోధకులు అమెరికాలో ఐదో తరగతి పిల్లలపై చేసిన అధ్యయనాల ఫలితాలను ప్రచురించారు. ఒక పని బాగా చేసిన తరువాత కొందరిని తెలివైనవారని, మరికొందరిని బాగా శ్రమించారని మెచ్చుకున్నారు. ఆపై ఎలాంటి పని కావాలో ఎంచుకోమన్నప్పుడు, తెలివి గురించి పొగడ్త విన్నవారు తమకు సులువుగా వచ్చే పని వైపు మొగ్గారు; శ్రమ గురించి విన్నవారిలో ఎక్కువమంది కొత్తగా నేర్చుకునే వీలున్న పని కోరుకున్నారు. కారణం ఊహించడం కష్టం కాదు. తెలివైనదన్న బిరుదు వచ్చిన పాపకు కష్టమైన లెక్క అంటే ఆ బిరుదు పోయే ప్రమాదం. పైగా మనం ‘ముందుగా’ అన్న మాటను కూడా జోడిస్తే, ఆగి ఆలోచించడమే ఓటమి అని ఆమెకు నేర్పినట్టు అవుతుంది.

అందువల్ల వ్యాఖ్య రాయడం కలంతో మొదలు కాకూడదు, ఒక పరిశీలనతో మొదలు కావాలి. త్వరగా ముగించే పిల్లలందరూ ఒక రకం కాదు. విషయం లోతుగా తెలిసి త్వరగా చేసేవారు ఉంటారు. పద్ధతిని యంత్రంలా పట్టేసి, అర్థం తెలియకుండానే తప్పులు లేకుండా చేసేవారూ ఉంటారు. పరీక్ష పేపరు ఈ తేడాను పట్టించదు, ఇద్దరికీ నూటికి నూరు వస్తాయి. తేడా తెలియాలంటే రెండు నిమిషాలు చాలు. ఐదో తరగతి పాప 24ను 15తో గుణించి 360 అని చెప్పిందనుకుందాం. ‘ఈ జవాబును వాడుకుని 24 సార్లు 16 ఎంతో చెప్పగలవా?’ అని అడగాలి. గుణకారం అంటే ఏమిటో తెలిసిన పాప 360కి ఇంకో 24 కలిపి 384 అంటుంది. పద్ధతి మాత్రమే తెలిసిన పాప పలక తీసుకుని మళ్లీ మొదటి నుంచి గుణిస్తుంది. ఈ రెండో పాపకు ఇంకా కష్టమైన లెక్కలు ఇవ్వడం తప్పు, ఆమెతో కాసేపు వెనక్కి నడవాలి. మొదటి పాప గురించే ఈ వ్యాసం.

ఆమెకు సాధారణంగా మన బడులు చేసేవి మూడు. అలాంటివే మరో ఇరవై లెక్కలు ఇస్తారు. త్వరగా చేస్తే శిక్ష పడుతుందని గ్రహించి పాప నెమ్మదిస్తుంది. లేదా పక్కవారికి చెప్పమంటారు; అప్పుడప్పుడు మంచిదే కానీ, రోజూ అదే అయితే ఆమె ఉపాధ్యాయురాలికి సహాయకురాలవుతుంది తప్ప విద్యార్థినిగా మిగలదు. లేదా ఆరో తరగతి పుస్తకం చేతికిస్తారు. వచ్చే ఏడాది ఇదే కథ మళ్లీ మొదలవుతుంది. లోతు అంటే ఇవేవీ కావు. ఆమె అప్పుడే చేసిన లెక్కలోనే లోతు ఉంది.

ఆ 360నే తీసుకోండి. ‘లబ్ధం 360 రావాలి. ఏ రెండు పూర్ణ సంఖ్యలను గుణిస్తే వస్తుంది? అన్ని జతలూ రాయి’ అంటే చాలు. పాప 1, 360తో మొదలుపెట్టి 2, 180; 3, 120; 4, 90; 5, 72; 6, 60 వరకు వడివడిగా రాస్తుంది. తరువాత 10, 36; 12, 30; 15, 24 తట్టి, తొమ్మిది జతలు రాసి పుస్తకం మూసేస్తుందనుకుందాం. ఇక్కడ ‘తప్పు, ఇంకా ఉన్నాయి’ అని చెప్పేస్తే లెక్క అక్కడితో చచ్చిపోతుంది. ‘అన్నీ వచ్చేశాయని నీకెలా తెలుసు?’ అని అడగాలి. అంతవరకు ఎవరూ ఆమెను ఆ ప్రశ్న అడిగి ఉండరు. తట్టినవి రాయడం మానేసి, 1 నుంచి వరుసగా ఒక్కో సంఖ్యను పరీక్షించాలని ఆమెకు తోచడానికి కొంత సమయం పడుతుంది. అలా చేస్తే 8, 45; 9, 40; 18, 20 కూడా దొరికి పన్నెండు జతలవుతాయి.

అప్పుడు అసలైన ప్రశ్న వస్తుంది: ఎక్కడ ఆపాలి? 19ని 19తో గుణిస్తే 361, అంటే 360 దాటిపోయింది. కాబట్టి 19 గానీ అంతకన్నా పెద్దది గానీ జతలో ఉంటే, దాని తోడు 19 కన్నా చిన్నదై తీరాలి; ఆ చిన్న సంఖ్యను ఇదివరకే పరీక్షించేశాం. ఇక వెతకనక్కర్లేదు. పదేళ్ల పాప ఈ మాటను తన సొంత వాక్యాల్లో రాయగలిగితే, ఆమె రాసింది ఒక నిరూపణ. అంతటితో ఆగాలని కూడా లేదు. 360కి పన్నెండు జతలుంటే, పక్కనే ఉన్న 361కి రెండే జతలెందుకు? వృత్తాన్ని 360 భాగాలు చేయడం వల్ల పంపకంలో ఏం సులువవుతుంది? ఒక్క గుణకారం నుంచి వారం రోజుల ఆలోచన పుడుతుంది. దీనికి కావలసింది పలక, సుద్దముక్క మాత్రమే.

ఇక కార్డులో రాయవలసిన వ్యాఖ్య దానంతట అదే తయారవుతుంది. నేనైతే ఇలా రాస్తాను: ‘రెండంకెల గుణకారాన్ని మీ అమ్మాయి అర్థం చేసుకుని, సొంతంగా చేస్తోంది. లబ్ధం 360 వచ్చే జతలు వెతకమన్నప్పుడు మొదట తొమ్మిది రాసింది. అన్నీ వచ్చాయో లేదో ఎలా తెలుస్తుందని అడిగితే, 1 నుంచి వరుసగా పరీక్షించి మిగిలిన మూడూ కనుక్కుంది. ఎక్కడ ఆపవచ్చో నోటితో చెప్పగలిగింది. ఆ కారణాన్ని వాక్యాలుగా రాయడం సాధన చేస్తోంది. వచ్చే నెలల్లో తక్కువ లెక్కలు, ఒక్కోదానిపై ఎక్కువసేపు ఆలోచించవలసినవి ఇస్తాము. ఇంట్లో ఎన్ని చేశావని కాక, ఎలా తెలిసిందని అడిగి, ఆమె చెప్పేది వినండి.’

ఇందులో వేగం ప్రస్తావన లేదు, ఇతర పిల్లలతో పోలిక లేదు, తెలివి అన్న మాట లేదు. అయినా చదివిన తల్లికి తన కూతురు ఎంత సమర్థురాలో స్పష్టంగా తెలుస్తుంది, ఎందుకంటే సాక్ష్యం కళ్ల ముందు ఉంది. గొప్ప చెప్పుకోవడానికీ నిజం చెప్పడానికీ ఉన్న తేడా ఇదే: గొప్ప విశేషణాలను ఆశ్రయిస్తుంది, నిజానికి సంఘటన చాలు. ‘కానీ’ అన్న మాటను కూడా కావాలనే వాడలేదు. ‘బాగా చేస్తోంది కానీ వాక్యాలు రాయదు’ అంటే మన ఇళ్లలో మొదటి సగం వినపడదు, రెండో సగం మాత్రమే రాత్రి భోజనాల దగ్గర చర్చకు వస్తుంది. ‘సాధన చేస్తోంది’ అన్నప్పుడు అది లోపంగా కాక, జరుగుతున్న పనిగా అందుతుంది. చివరి వాక్యం చదువు రాని తల్లిదండ్రులకు కూడా చేతనైన పనినే అడుగుతుంది, ‘ఎలా తెలిసింది?’ అని అడగడానికి లెక్కలు రానక్కర్లేదు.

ఒక్కో బిడ్డకూ ఇంత రాయడానికి సమయమెక్కడిదని ఉపాధ్యాయులు అడుగుతారు, ఆ ప్రశ్న న్యాయమైనదే. తమ ఇంట మొదటిసారి బడికి వచ్చిన పాపకు ‘తెలివైనది’ అన్న ఒక్క మాట ఎంత ధైర్యమో కూడా నేను తక్కువ చేయను. ఆ మాటను ఆమెకు ఎదురుగా, నోటితో చెప్పవచ్చు. సమయం విషయానికి వస్తే, తరగతిలో ఇలాంటి పిల్లలు ముగ్గురో నలుగురో ఉంటారు. ఆ రోజు గమనించింది హాజరు పుస్తకం వెనుక ఒక్క పంక్తిలో రాసిపెట్టుకుంటే, కార్డు నింపే రోజున ఐదు నిమిషాల పని.

నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది ఇంకొకటి. మన రెండు రాష్ట్రాల్లో వేగమే చదువన్న నమ్మకం ఆరో తరగతి ఫౌండేషన్ కోర్సుల నుంచి ఈఏపీసెట్ దాకా పాతుకుపోయింది. నిమిషానికి ఒక ప్రశ్న అన్న లెక్క పిల్లల మనసుల్లో పదేళ్లకే స్థిరపడుతోంది. గంటసేపు ఒకే ప్రశ్నతో కూర్చోవడం ఎలా ఉంటుందో తెలియకుండానే మన మెరికల్లాంటి పిల్లలు ఇంజినీరింగ్ కాలేజీలు చేరుతున్నారు. నిరంతర సమగ్ర మూల్యాంకనం కావాలని 2009 విద్యాహక్కు చట్టం చెప్పింది. బిడ్డ స్వీయ మూల్యాంకనానికి కూడా చోటిచ్చే సమగ్ర ప్రగతి పత్రం కావాలని 2020 జాతీయ విద్యా విధానం చెప్పింది. రెండూ మంచివే. కార్డులో గడులు పెరిగినంత మాత్రాన అందులో రాసే మాట మారదు. గడి ఎంత పెద్దదైనా ‘వెరీ గుడ్’ రెండు మాటల్లో నిండిపోతుంది.

ప్రాథమిక బడిలో రాసిన ఆ వ్యాఖ్యను నిజంగా ఉపయోగించుకోగలిగిన వ్యక్తి మరొకరు ఉన్నారు: జూన్‌లో ఆ పాపను ఆరో తరగతిలో చేర్చుకునే కొత్త ఉపాధ్యాయుడు. ‘తెలివైనది, వేగంగా చేస్తుంది’ అని చదివితే ఆయన ఆమెను లీడర్‌గా పెడతారు. 360 జతల కథ చదివితే, కారణాంకాల పాఠం మొదటి రోజున ఆమెను ఏ ప్రశ్న అడగాలో ఆయనకు తెలుస్తుంది.