మార్క్స్‌కి సంబంధం కుదిరింది

పోటీ పరీక్షల కోచింగ్‌కి అడ్డా అయిన హైదరాబాద్ అశోక్ నగర్‌లో ఇప్పుడు పెళ్లిళ్ల పేరయ్యలకి చేతినిండా పని. వధూవరులు మాత్రం మనుషులు కారు. ఒకవైపు ఎప్పుడో పోయిన యూరప్ పండితులు, మరోవైపు నిన్నటి పేపర్లో వార్తలు. సివిల్స్‌లో సోషియాలజీ ఆప్షనల్ తీసుకున్నవాళ్లు, పొలిటికల్ సైన్స్ తీసుకున్నవాళ్లు జిరాక్స్ షాపులో కొనుక్కునే స్పైరల్ బైండింగ్ నోట్సులో ఒక పేజీ ఉంటుంది. నిలువునా గీత కొట్టి ఎడమపక్క మేధావి పేరు, కుడిపక్క సమకాలీన ఉదాహరణ రాసుంటుంది. వెబర్‌కి ఆధార్, దుర్ఖైమ్‌కి సోషల్ మీడియా, గ్రాంసీకి టీవీ చర్చలు. ముహూర్తాలు కూడా పెట్టేశారు.

దీన్ని బట్టీ అని కొందరు పెద్దలు తీసిపారేస్తున్నారు. అది అన్యాయం. దీనికో శాస్త్రం ఉంది. ముందు పదేళ్ల పాత ప్రశ్నపత్రాలు కత్తిరించి సిలబస్‌లోని ఒక్కో అంశం కింద అంటించాలి. అప్పుడు ఏ మేధావి ఎన్నాళ్లకోసారి గడప తొక్కుతాడో తెలుస్తుంది. పేపర్‌కి 250 మార్కులు, మూడు గంటలు. మార్కుకి ముప్పావు నిమిషం కూడా రాదు. పది మార్కుల ప్రశ్నకి 150 పదాలు, ఏడు నిమిషాలు. అందులోనే నిర్వచనం, మేధావి పేరు, ఏడాది, ఉదాహరణ, విమర్శ, ఆఖర్న ఒక ఆశావహ వాక్యం. ఇంత హడావుడిలో పరీక్ష హాల్లో పెళ్లిచూపులేంటి? సంబంధం ఇంటి దగ్గరే ఖాయం చేసుకుని వెళ్లాలి.

ఈ మధ్య గిరాకీ అంతా ఫుడ్ డెలివరీ చేసే కుర్రాడిది. మార్క్స్ పరాయీకరణ అడిగితే అతనే. వెబర్ హేతుబద్ధీకరణ అడిగితే అతని స్టార్ రేటింగ్. దుర్ఖైమ్ అనోమీకి, అంటే కట్టుబాట్లు సడలిపోయిన స్థితికి, అతని పనివేళలు. ఫూకో నిఘాకి అతని ఫోన్‌లో జీపీఎస్. రాల్స్ వస్తే అట్టడుగు మనిషీ అతనే. ట్రిపుల్ రైడింగ్‌కి చలానా రాసే ఊళ్లో ఆ కుర్రాడు ఐదుగురు మేధావుల్ని వెనక ఎక్కించుకుని తిరుగుతున్నాడు. ఒక్కరూ కిందికి దిగి, నీ సంగతేంటి బాబూ అని అడగలేదు.

ఈ సంబంధాల్లో అందరూ దివ్యంగా కుదిరిందనేది మార్క్స్‌ది. మార్క్స్ పరాయీకరణ నేటికీ పనికొస్తుందా అని అడిగితే సాధారణంగా జవాబు ఇలా ఉంటుంది. మార్క్స్ 1844 రాతప్రతుల్లో (ఇవి 1932 దాకా పూర్తిగా అచ్చు కాలేదు, ఆ ముక్క రాస్తే ఎగ్జామినర్ మురిసిపోతాడని నమ్మకం) నాలుగు రకాల పరాయీకరణ చెప్పాడు. కార్మికుడు తాను చేసిన వస్తువుకి, చేసే పనికి, మనిషిగా తన స్వభావానికి, తోటి మనుషులకి పరాయివాడవుతాడు. ఉదాహరణ: డెలివరీ బాయ్. అయిపోయింది, తర్వాతి ప్రశ్న.

ఒక లైబ్రరీ మెట్ల మీద ఓ కొత్త అభ్యర్థి సీనియర్‌ని అడగడం విన్నాను.

"అన్నా, బైక్ అతనిదే కదా? పెట్రోల్ కూడా అతనే పోస్కుంటడు. మార్క్స్ కార్మికుడి దగ్గర పనిముట్లు ఉండవంటిమి కదా?"

"తమ్మీ, ఏడు నిమిషాల్ల బైక్ ఎవరిదైతే నీకెందుకురా?"

సీనియర్‌ది అనుభవం, కాదనలేం. కానీ ఆ తమ్ముడి అనుమానంలోనే అసలు జవాబంతా ఉంది. జాతకాలు కాస్త నిదానంగా చూద్దాం. వస్తువుకి పరాయి అంటారు, మరి బిర్యానీ అతను వండిందే కాదు. అతను తయారుచేసేది చేరవేత. అది గుమ్మం దగ్గర చేతులు మారగానే ఖర్చయిపోతుంది. మొదటి పొంతన కుంటుతోంది. పనికి పరాయి అన్నది మాత్రం అతికినట్టు సరిపోతుంది. ఏ ఆర్డరు, ఏ దారి, ఎన్ని నిమిషాలు, ఎంత కూలి అన్నది యాప్ తేలుస్తుంది. ఆ లెక్క ఎలా కట్టిందో అతనికి కనపడదు. మూడోదీ చాలావరకు నిలుస్తుంది. పని చేసేముందు దాన్ని తలలో కట్టుకోగలగడం మనిషి లక్షణమని మార్క్స్ అన్నాడు. ఇక్కడ ఆ కట్టుకునే పని మ్యాపు చేస్తోంది, అతను మలుపులు తిరుగుతున్నాడు.

నాలుగోది పూర్తిగా తలకిందులు. తోటివాళ్లకి పరాయి అని నోట్సు చెబుతుంది. రాత్రి ఎనిమిదికి ఏ పెద్ద బిర్యానీ హోటల్ ముందైనా చూడండి. పదిమంది బైకుల మీద కూర్చుని ఆర్డర్ల కోసం ఎదురుచూస్తూ, ఇవాళ ఇన్సెంటివ్ ఎంత కోశారో ఫోన్లు పక్కపక్కన పెట్టి పోల్చుకుంటుంటారు. తెలంగాణ గిగ్ అండ్ ప్లాట్‌ఫామ్ వర్కర్స్ యూనియన్ మన ఊళ్లోనే ఉంది. పరాయి కావలసినవాళ్లు ఒకటవుతున్నారు. పోనీ దీనికి మార్క్స్ నొచ్చుకుంటాడా అంటే, ఫ్యాక్టరీ కార్మికుల్ని ఒకచోట చేర్చి చివరికి వాళ్లని సంఘంగా మారుస్తుందని చెప్పిందీ ఆయనే. అంటే అబ్బాయి తరఫువాళ్లే రెండు మాటలు చెప్పారన్నమాట.

ఇంకో చిక్కుంది. 2020 సామాజిక భద్రతా కోడ్ ప్రకారం గిగ్ వర్కర్ అంటే సంప్రదాయ యజమాని, ఉద్యోగి సంబంధానికి బయట పనిచేసి సంపాదించుకునేవాడు. మార్క్స్ కార్మికుడు ఆ సంబంధం లోపల నలిగినవాడు. ఇంత తేడా ఉన్నా పరాయీకరణ కనపడుతోందంటే, అది పనిముట్ల యాజమాన్యంలో కన్నా పని మీద అదుపు ఎవరిదన్నదాంట్లో ఉందని వాదించవచ్చు. బైక్ మనోడిది, బైక్ ఎటు తిరగాలన్నది మనోడి చేతిలో లేదు. ఈ రెండు వాక్యాలు 150 పదాల్లో హాయిగా పడతాయి. 'నేటికీ పనికొస్తుందా' అని అడిగిన ప్రశ్నకి జవాబూ అవుతాయి. అయితే నోట్సులో కుడిపక్క గడిలో ఇవి పట్టవు. అందుకని వదిలేశారు.

రాజకీయ సిద్ధాంతం వైపు వెళ్తే అక్కడ రాల్స్‌కి రిజర్వేషన్లతో నిశ్చితార్థం ఎప్పుడో అయిపోయింది. 1971 నాటి ఆయన పుస్తకంలోని డిఫరెన్స్ ప్రిన్సిపల్ ఏమంటుందంటే, అసమానతలు ఉండొచ్చుగాక, అవి అందరికన్నా కింద ఉన్నవాడికి అన్నిటికన్నా ఎక్కువ మేలు చేసేవై ఉండాలి. నోట్సు వెంటనే బాణం గుర్తు వేసి రిజర్వేషన్లు, ఈడబ్ల్యూఎస్ అని రాసేస్తుంది. పేరయ్యగారు గోత్రం అడగడం మర్చిపోయారు. ఉద్యోగాలు, పదవులు ఎవరికి ఎలా అందాలన్నది రాల్స్ దగ్గర వేరే సూత్రం. న్యాయమైన అవకాశ సమానత్వం అనే ఆ సూత్రం వరసలో డిఫరెన్స్ ప్రిన్సిపల్ కన్నా ముందుంటుంది. రిజర్వేషన్ గురించి రాయాలంటే మొదట వెళ్లాల్సింది ఆ ఇంటికి.

ఈడబ్ల్యూఎస్ అయితే మరీ ముచ్చట. 2019లో 103వ రాజ్యాంగ సవరణతో వచ్చిన ఆ పది శాతానికి కుటుంబ ఆదాయ పరిమితి ఏటా 8 లక్షలు. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీల్లోని పేదలకి అందులో చోటు లేదు. 2022 నవంబరులో సుప్రీంకోర్టు 3-2 తేడాతో దాన్ని సమర్థించింది. విభేదించిన ఇద్దరు జడ్జీల అభ్యంతరం ముఖ్యంగా ఈ మినహాయింపు మీదే. ఇప్పుడు రాల్స్‌ని పిలిచి, అయ్యా, నెలకి అరవై వేలు వచ్చే ఇంటిని లోపలికి రానిచ్చి, కూలికెళ్లే దళిత కుటుంబాన్ని బయట నిలబెట్టిన ఈ పథకం మీ పేరు మీద రాయమంటారా అని అడిగితే ఏమంటాడు? రాల్స్‌కి మద్దతుగా రాసే ఉదాహరణ రాల్స్‌కి పరీక్షగా రాయాల్సింది. రాసే చోటు అదే, వాడాల్సిన పదాలూ దాదాపు అన్నే.

గ్రామ అధ్యయనాల సంగతి ఎక్కువ చెప్పను, కడుపు మండుతుంది. ఎస్.సి. దూబే, ఇండియన్ విలేజ్, 1955 అని అందరూ రాస్తారు. ఆ ఊరు శామీర్‌పేట. జేబీఎస్‌లో కరీంనగర్ బస్సెక్కి పండక్కి ఇంటికి పోయే అభ్యర్థి ఆ ఊరు మీదుగానే పోతాడు. ఊరు నగరంలో ఎలా కలిసిపోతోందో కిటికీలోంచే కనపడుతుంది. కానీ ఆ సమయంలో అతను చెవిలో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని గ్రామీణ సామాజిక మార్పుకి సమకాలీన ఉదాహరణల వీడియో వింటుంటాడు.

మొత్తం నోట్సులో నాకు నచ్చిన సంబంధం ఒక్కటే, అమెరికా సామాజిక శాస్త్రవేత్త మెర్టన్‌ది. సమాజం ఒక లక్ష్యం చూపిస్తుంది, దానికి సక్రమమైన దారి చూపిస్తుంది. ఈ రెంటినీ ఒప్పుకోవడం, కాదనడం బట్టి మనుషులు ఐదు రకాలుగా సర్దుకుంటారని ఆయన 1938లో రాశాడు. లక్ష్యం కావాలి, సక్రమమైన దారి అక్కర్లేదనుకునేవాడు ఇన్నొవేటర్. నోట్సు ఉదాహరణ: పేపర్ లీక్. దీన్ని ఎవరూ వెతికి తేలేదు, ఇది వాళ్ల ఇంట్లోనే జరిగింది. 2022 అక్టోబరులో రాసిన తెలంగాణ గ్రూప్-1 ప్రిలిమ్స్ లీక్ వల్ల 2023 మార్చిలో రద్దయింది. అదే జూన్‌లో మళ్లీ రాస్తే, బయోమెట్రిక్ సరిగా తీసుకోలేదని దాన్ని కోర్టు కొట్టేసింది. కొత్త నోటిఫికేషన్‌తో 2024 జూన్‌లో మూడోసారి రాశారు. ఎంత పాత ప్రశ్నపత్రాలు తిరగేసినా ఇంత తాజా ఉదాహరణ దొరకదు.

అయితే ఐదో గడిలో పేరయ్యగారు మళ్లీ పొరబడ్డారు. రెబెలియన్ ఎదురుగా 'నిరుద్యోగుల ఆందోళనలు' అని రాశారు. 2024 అక్టోబరులో గ్రూప్-1 మెయిన్స్ ముందు అశోక్ నగర్ అభ్యర్థులు రోడ్డెక్కారు. మెయిన్స్‌కి అభ్యర్థుల్ని ఎంపిక చేసే పద్ధతి మార్చిన జీవో 29 రద్దు చేయాలి, పరీక్ష వాయిదా వేయాలి అన్నారు. పోలీసులు వాళ్లని తిరుగుబాటుదారుల్ని ఈడ్చినట్టే ఈడ్చారు. కానీ మెర్టన్ లెక్కలో తిరుగుబాటంటే ఉన్న లక్ష్యాన్నీ దారినీ రెంటినీ పక్కనపెట్టి కొత్తవి నిలబెట్టడం. వీళ్లు అడిగిందేమిటి? అదే ఉద్యోగం, అదే పరీక్ష, కాస్త నిబంధనల ప్రకారం పెట్టండి మహాప్రభో అని. లక్ష్యమూ ఒప్పుకున్నారు, దారీ ఒప్పుకున్నారు. ఆ రోజు రోడ్డు మీద మెర్టన్ మొదటి గడిలోని అచ్చమైన కన్ఫార్మిస్టు ఎవరన్నా ఉన్నారంటే, లాఠీకి ఇవతల నిలబడి నినాదాలిచ్చిన ఈ పిల్లలే. సాయంత్రం రూముకెళ్లి వాళ్లే నోట్సు తీసి, రెబెలియన్ ఎదురుగా తమ పేరే చదువుకుని, కింద గీత గీసుకున్నారు.