తలుపు తియ్యమంటే బాంబేస్తోంది

ఆటకి అప్‌డేట్ ఇచ్చారు, సంతోషం. నా కంట్రోల్స్ జోలికి ఎందుకొచ్చినట్టు? తలుపు తియ్యడానికి F, బాంబుకి G అని నేను మార్చి పెట్టుకున్నాను. అప్‌డేట్ బాంబుని మళ్ళీ పాత F లోకి నెట్టింది, తలుపుని మాత్రం నా F లోనే వదిలేసింది. సగం రీసెట్ ఏమిటండీ? విజయనగరంలో నేను F నొక్కితే తలుపు తెరుచుకుంటుంది, బాంబూ పడుతుంది. హెడ్‌సెట్‌లో శ్రీకాకుళం నుంచి మా బావ అరుపులు: "తలుపు తియ్యరా అంటే బాంబేస్తావేటిరా!"

సరే, బాంబుకి G తిరిగి ఇచ్చాను. అక్కడ కొత్తగా వచ్చిన, మ్యాప్ మీద గుర్తు పెట్టే పని కూర్చుని ఉంది. ఆట ఒక్క మాట అడగకుండా దాన్ని పీకేసి, ఏ కీ లేకుండా Unbound చేసేసింది. ఆట మధ్యలో గానీ తెలియలేదు. చెప్పొద్దూ?

అంచేత ఒక కీ మార్చాక కీల పట్టీ మొత్తం పైనుంచి కిందిదాకా చూడాలి. Unbound అయినదానికి ఎవరూ వాడని కీ ఇచ్చి, Apply నొక్కి, ప్రాక్టీస్ మ్యాప్‌లో ఒక్కోటీ నొక్కి చూసుకోవాలి. ఇదంతా మన పనా?

తమాషా ఏంటంటే, బండి దిగడానికీ F ఉంది. దానికి మాత్రం కీ గొడవ ఉందని ఎర్ర గుర్తు పెట్టారు! నడుస్తూ, బండి నడుపుతూ ఒకేసారి ఉండం కదా, అక్కడ గొడవేముంది?

పైగా "Reset to Default కొట్టెయ్" అని సలహాలు. కొడితే నేను మార్చుకున్న మిగతా కీలన్నీ ఎవరు తెచ్చిస్తారు?