“ఏం కావాలన్నా చెప్పన్నా” అని పెట్టకండి, టైములు పెట్టండి

ఇంట్లో మనిషి పోయిన గంటలోపే ఆ ఇంటి పెద్దకొడుకు ఫోన్ చూడండి. “ఏం సాయం కావాలన్నా మొహమాటపడకు” అని పదిమంది పెట్టుంటారు. మిగతా వాళ్ళంతా ఒకే మాట అడుగుతుంటారు: “ఎప్పుడు తీస్తున్నారు?” మొదటిది చూడ్డానికి బాగానే ఉంటుంది గానీ, అందులో ఆ మనిషికి ఇంకో పని అంటగడుతున్నాం. ఏం కావాలో అతనే ఆలోచించాలి, ఎవరిని అడగాలో అతనే తేల్చుకోవాలి, అడగడానికి మొహమాటం కూడా అతనే పడాలి. రెండోదానికి జవాబు అతని దగ్గర ఉండదు. అది తెలియాలంటే ముందు ఎవరో ఒకరు కూర్చుని లెక్క వెయ్యాలి. ఆ లెక్క వేసే మనిషి ఆ ఇంటివాడు కాకూడదని నా గట్టి అభిప్రాయం. దగ్గరివాడై ఉండాలి, కానీ ఆ రాత్రి ఏడవాల్సిన వాళ్ళలో ఒకడై ఉండకూడదు. అల్లుడి తమ్ముడో, కొడుకు స్నేహితుడో, ఎదురింటాయనో ఎవరైనా సరే.

ఆ మనిషి రాయాల్సిన మెసేజ్ గురించే ఈ పోస్టు.

ఒక ఇల్లు అనుకుందాం. తండ్రి ఇంట్లోనే, జబ్బుతో, రాత్రి పదింటికి పోయారు. తల్లి, కొడుకు ఇంట్లో ఉన్నారు. కూతురు దూరదేశం నుంచి రావాలి, మర్నాడు ఉదయం 11:40కి విమానం దిగుతుంది. దహనం చెయ్యాలన్నది కుటుంబం మాట. ఇలాంటప్పుడు చాలామంది ముందుగా “రేపు మధ్యాహ్నం మూడింటికి” అని గ్రూపులో పెట్టేస్తారు. ఆ మూడు ఎక్కణ్ణుంచి వచ్చిందో ఎవరికీ తెలియదు, నోటికొచ్చిన అంకె. తర్వాత దాన్ని నిలబెట్టడానికి అందరూ పరుగులు.

లెక్క విమానం దిగే వేళ నుంచి మొదలుపెట్టి వెయ్యాలి. కూతురు 11:40కి దిగితే, తనిఖీలూ సామానూ అయ్యి బయటికి రావడానికి గంట. ఇంటికి గంటన్నర. అంటే 2:10. వచ్చీరాగానే “అమ్మా, లే, ఆలస్యమవుతోంది” అనకూడదు కదా, నాన్న పక్కన కూర్చోవడానికి ఆమెకి కనీసం గంట పైన కావాలి. ఇంటి దగ్గర జరగాల్సిన కార్యక్రమం 3:30కి మొదలైతే 4:15కి పూర్తవుతుంది. మామూలుగా శ్మశానం అరగంట దూరమైనా, వెనక బండ్లతో నెమ్మదిగా వెళ్తే 45 నిమిషాలు. 5:00కి చేరతారు. అక్కడ జరపాల్సినదానికీ, కాగితాలు చూపించడానికీ మరో అరగంట. అంటే శ్మశానంలో అడగాల్సిన సమయం 5:30. అక్కడికి ఫోన్ చేసినప్పుడు ఇంకో ప్రశ్న కూడా అడగాలి: ఆ రోజు ఆఖరి దహనం ఎన్నింటికి? 5:30యే ఆఖరిదైతే విమానం గంట ఆలస్యమైనా మొత్తం కూలిపోతుంది. అందుకే ఇంకో అంకె కూడా ముందే ఖాయం చేసుకోవాలి, నిర్ణయం తీసుకునే వేళ. “ఉదయం 8:30కి విమానం బయల్దేరిందో లేదో చూస్తాను, బయల్దేరకపోతే మర్నాడు పొద్దుటికి మారుస్తాను” అని. ఇది లేకపోతే మధ్యాహ్నం రెండింటికి ఇంటి గుమ్మంలో వాదన మొదలవుతుంది, అందరి ముందూ, ఆ తల్లి వినేలా.

ఇప్పుడు ఆ రాత్రి 11 గంటలకి కొడుక్కి వెళ్ళాల్సిన మొదటి మెసేజ్ ఇలా ఉంటే చాలు:

“అన్నా, నేను మీ ఇంటి బయటే ఉన్నాను. డాక్టర్‌గారు వస్తున్నారు, డాక్టర్‌గారి సంతకం ఉన్న కాగితం నేను తీసుకుంటాను. ఫ్రీజర్ బాక్స్ 12:00 లోపు వస్తుంది, బాబాయి దగ్గరుండి పెట్టిస్తారు. నీ నుంచి మూడే కావాలి. చెల్లి వచ్చేదాకా ఆగుదామా? నాన్నగారికి పేస్‌మేకర్ లాంటిది ఏదైనా పెట్టారా? నాన్నగారికి వేసే బట్టలు బీరువాలో ఎక్కడున్నాయో అమ్మని అడిగి చెప్తావా, బాక్స్ రాకముందే మారుద్దాం. ఫోన్ చెయ్యక్కర్లేదు, ఇక్కడే ఒక్క ముక్క రాస్తే చాలు.”

ఇందులో ఏ ఒక్కటీ మర్యాదకి రాసింది కాదు. బట్టల సంగతి ఆ రాత్రే ఎందుకంటే, పోయిన రెండు మూడు గంటల్లో దవడ, మెడ దగ్గర బిగుసుకోవడం మొదలై పన్నెండు గంటలయ్యేసరికి ఒళ్ళంతా కట్టెలా అవుతుంది. చేతులు వంగవు, చొక్కా ఎక్కదు. పొద్దున చూద్దాంలే అనుకున్న ఇళ్ళలో ఆ పని కొడుకు కళ్ళ ముందు ఎలా జరుగుతుందో చూసినవాళ్ళకి తెలుసు. ఉంగరాలు, గొలుసులు కూడా అప్పుడే తీసి, ఏమేం తీశారో, ఎవరి చేతికిచ్చారో మెసేజ్‌లో రాసి పెట్టాలి. పదో రోజున ఎవరో ఒకరు అడుగుతారు, అడగని కుటుంబం అరుదు.

పేస్‌మేకర్ ప్రశ్న విని కొందరు మొహం చిట్లిస్తారు, ఇప్పుడా ఇది అని. ఇప్పుడే. అందులోని బ్యాటరీ దహనం వేడికి పేలుతుంది. కొలిమి దెబ్బతింటుంది, పక్కన పనిచేసేవాళ్ళకి ప్రమాదం. దాన్ని ముందే తీయించాలి, అది డాక్టర్ చెయ్యాల్సిన పని. శ్మశానంలో ఫారం నింపేటప్పుడు ఈ సంగతి బయటపడితే అక్కడ ఎవరూ ఏమీ చెయ్యలేరు. ఖననం అయితే ఈ గొడవ లేదు.

కాగితం దగ్గర ఇంకో తికమక. డాక్టర్ ఇచ్చేది మరణాన్ని, దాని కారణాన్ని ధ్రువీకరించే కాగితం. నమోదు కార్యాలయం ఇచ్చే డెత్ సర్టిఫికెట్ వేరు. జనం రెండిటినీ ఒకే పేరుతో పిలుస్తారు. “సర్టిఫికెట్ తెచ్చావా?” “రెండ్రోజుల తర్వాత ఇస్తారంట” అని ఒకరినొకరు అపార్థం చేసుకుని, ఆ రాత్రే తీసుకోవాల్సిన డాక్టర్ కాగితం లేకుండా శ్మశానం దాకా వెళ్ళినవాళ్ళున్నారు. అందుకే మెసేజ్‌లో “డాక్టర్‌గారి సంతకం ఉన్న కాగితం” అని రాయండి. ఇంకో మాట: ప్రమాదమో, అనుమానమున్న మరణమో అయితే పై లెక్కంతా పక్కన పెట్టేయాలి. పోస్ట్‌మార్టం అయ్యి అప్పగించేదాకా సమయం మన చేతిలో ఉండదు. అప్పుడు బంధువులకి పంపాల్సింది “సమయం ఇంకా తెలియదు, మళ్ళీ మధ్యాహ్నం 12:00కి కబురు పెడతాను” అన్న మాటే. తెలియని సమయాన్ని ఊహించి పెట్టడం కంటే, తర్వాతి కబురు ఎప్పుడో చెప్పడం వాళ్ళకి ఎంతో నయం.

బంధువులకి వెళ్ళే మెసేజ్ వేరే రాయాలి. కొడుక్కి పంపినదే అందరికీ ఫార్వర్డ్ చేసేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. పేస్‌మేకర్ సంగతి మేనమామ తోడల్లుడికి ఎందుకు? వాళ్ళకి కావాల్సినవి రెండే సమయాలు. “ఇంటికి వచ్చి చూడాలనుకునేవారు 12వ తేదీ బుధవారం 3:15 లోపు రండి. నేరుగా శ్మశానానికి వచ్చేవారు 5:00కి అక్కడుండండి. దారి, ఇతర వివరాలకి ఈ నంబరుకే చెయ్యండి, ఇంట్లోవాళ్ళకి చెయ్యకండి.” అంతే. “సాయంత్రం 5:30కి అంత్యక్రియలు” అని ఒక్క అంకె పెడితే సగంమంది 5:30కి ఇంటికొస్తారు, గేటుకి తాళం చూసి కొడుక్కి ఫోన్ చేస్తారు. అప్పుడతను ఎక్కడుంటాడో చెప్పాలా?

తేదీ, వారం రెండూ రాయాలి. రాత్రి 12:10కి వచ్చిన మెసేజ్‌లో “రేపు” అంటే ఏ రోజు? సమయం మారితే పాత మెసేజ్‌ని సవరించి ఊరుకోకండి. వాట్సాప్‌లో సవరించడానికి ఉండేది పదిహేను నిమిషాలే, పైగా ఎవరైనా అప్పటికే ఫార్వర్డ్ చేసి ఉంటే ఆ నకలు మారదు. కొత్తది రాసి మొదటి వాక్యంలోనే “సమయం మారింది, ఉదయం 9:00కి రాసినది ఇది, ముందు వచ్చినవి వదిలెయ్యండి” అని పెట్టాలి.

సాయం చేసేవాళ్ళ దగ్గర మనకో పెద్ద జబ్బుంది. “మనం చూసుకుందాం” అంటాం. ఆ మనం ఎవరు? విమానాశ్రయానికి ముగ్గురు వెళ్తారు, ఇంట్లో తల్లి బీపీ మాత్ర వేసుకుందో లేదో చూసేవాళ్ళు ఒక్కరూ ఉండరు. ఒక పనికి ఒకే మనిషి, ఎన్నింటికి, అయ్యాక ఎవరికి చెప్పాలి, ఇవి మూడూ రాయాలి. “చెల్లిని తీసుకురావడం తమ్ముడి పని. 12:15కల్లా అక్కడుంటాడు, కారెక్కగానే నాకు చెప్తాడు. అమ్మ పక్కన పిన్ని ఉంటుంది, రాత్రి మాత్రలు, పొద్దుటి మాత్రలు ఆవిడ చూస్తుంది. బండి డ్రైవర్‌తో బాబాయి మాట్లాడారు, 3:45కి ఇంటి ముందుంటుంది. ఒరిజినల్ కాగితాలు నా బ్యాగులో ఉన్నాయి, ఫోటోలు బాబాయి ఫోన్లో ఉన్నాయి.” పని అయ్యాక వచ్చే కబురు కొడుక్కి పోకూడదు. అతనికి చెప్పాల్సింది ఏదైనా పని తప్పితే ఆ సంగతే, అదీ వేరే దారి దొరికాక.

క్రతువు నడిపించే పెద్దమనిషి విషయంలో మాత్రం ఇంట్లోవాళ్ళనే అడగాలి. ఏం చెయ్యాలో, ఎవరు చెయ్యాలో, చెయ్యకూడదో ప్రతి కుటుంబానికీ ఒక తీరుంటుంది. కొన్నిళ్ళలో పోయినాయనే ఏమీ వద్దని చెప్పి ఉంటారు. బయటివాడు తనకి తెలిసిన పద్ధతిని సాయం పేరుతో రుద్దడం ఆ రోజు చెయ్యగలిగే పెద్ద దౌర్జన్యం. క్రతువు నడిపించే ఆయన్ని పిలిచేటప్పుడు ఎంతసేపు పడుతుందో నిమిషాల్లో అడగండి. “ఎంతసేపండీ, ఇట్టే అయిపోతుంది” అంటే ఒప్పుకోకండి, 5:30 దాని మీదే ఆధారపడి ఉంది.

ఇంకొక్కటి. కొడుక్కి రాసే ఏ మెసేజ్‌లోనూ “బాడీ” అని రాయకండి. “బాడీ ఎన్నింటికి షిఫ్ట్ చేస్తున్నాం” అని సొంత బాబాయే పెట్టడం చూశాను. నాన్నగారిని 4:15కి తీసుకెళ్తున్నాం అంటే అర్థం కాదా?

దహనం అయ్యాక అందరూ వెళ్ళిపోతారు, మెసేజ్‌లు ఆగిపోతాయి. కానీ ఆ సాయంత్రం ఇంకొకటి వెళ్ళాలి. “అన్నా, అస్థికలు గురువారం ఉదయం 9:00 నుంచి తీసుకోవచ్చు. రసీదు నా దగ్గరుంది, రసీదు మీద నీ పేరుంది కాబట్టి నీ గుర్తింపు కార్డు తేవాలి. 8:20కి కారుతో వస్తాను. రాలేననిపిస్తే ఈ రాత్రి చెప్పు, వేరేవాళ్ళకి ఇవ్వడానికి ఏం రాసివ్వాలో అక్కడ అడిగి ఉంచుతాను. ఫ్రీజర్ బాక్స్ వెనక్కి పంపించేశాను. ఉంగరం, వాచీ పిన్ని దగ్గరున్నాయి, అమ్మకి చెప్పింది.”