డీఎన్‌ఏలోనూ సెక్షన్లే!

విజయవాడలో ఓ కార్పొరేట్ కాలేజీ ఈ ఏడాది నీట్ పిల్లల్ని రెండు ముక్కలు చేసింది. పేరు ఎందుకులెండి, బెంజ్ సర్కిల్ దాటేలోపు వాళ్ల ఫ్లెక్సీలు పది కనపడతాయి. ఎక్కువ మార్కుల వాళ్లది 'లీడింగ్ స్ట్రాండ్' సెక్షన్, మిగతావాళ్లది 'లాగింగ్ స్ట్రాండ్'. డీఎన్‌ఏ తన నకలు తీసుకునేటప్పుడు ఆగకుండా తయారయ్యే పోగు లీడింగ్, ముక్కలుగా తయారయ్యేది లాగింగ్. బయాలజీని ఇంత ప్రేమగా జనంలోకి తీసుకెళ్లిన యాజమాన్యానికి ముందుగా ఓ నమస్కారం.

పేరెంట్స్ మీటింగ్‌లో డీన్ గారు లేజర్ లైటు పట్టుకుని వివరించారు. "హెలికేజ్ అనే ఎంజైమ్ రెండు పోగుల మధ్య హైడ్రోజన్ బంధాలు తెంపుకుంటూ పోతుందండీ. దాని వెనకే లీడింగ్ పిల్లలు! ఒక్క ప్రైమర్ ఇస్తే చాలు, ఆగకుండా దూసుకుపోతారు. లాగింగ్ వాళ్లకి మాటిమాటికీ ప్రైమర్ పెట్టాలి, ముక్కలుముక్కలుగా చదివించాలి. అందుకే ఎక్స్‌ట్రా స్టడీ అవర్ ఫీజు."

వెనక వరసలో గుంటూరు నుంచి వచ్చిన ఓ పెద్దాయన లేచి, "మరి ఆ ముక్కల్ని అతికించే లైగేజ్ ఎవరండీ?" అన్నాడు.

"మన వార్డెన్ గారే," అన్నారు డీన్. వార్డెన్ గారు లేచి నమస్కారం పెట్టారు. చప్పట్లు. టీ, సమోసా.

ఫీజు సంగతి తర్వాత, ముందు పాఠం సంగతి చూద్దాం. డీఎన్‌ఏలో రెండు పోగులూ ఎదురెదురు దిశల్లో ఉంటాయి. నకలు రాసే ఎంజైమ్ పాలిమరేజ్‌కి ఒక పట్టుదల ఉంది: కొత్త అక్షరాన్ని పోగుకున్న రెండు కొనల్లో 3' అనే కొనకే తగిలిస్తుంది. పైగా ఏమీ లేనిచోట సొంతంగా మొదలుపెట్టలేదు. ప్రైమేజ్ వచ్చి ఓ పొట్టి ఆర్‌ఎన్‌ఏ ముక్క, అంటే ప్రైమర్, వేసిపెట్టాలి. ఇది లీడింగ్ పోగుకీ కావాలి. డీన్ గారి టాపర్లు కూడా ప్రైమర్ లేకుండా ఒక్క అక్షరం రాయలేరు.

ఈ పట్టుదలకి కారణం ఉంది. వచ్చే అక్షరమే మూడు ఫాస్ఫేట్ల రూపంలో తన శక్తిని తాను తెచ్చుకుంటుంది. తప్పు అక్షరం పడితే పాలిమరేజ్ దాన్ని కోసేసి మళ్లీ రాస్తుంది, కొత్త అక్షరం కొత్త శక్తితో వస్తుంది కాబట్టి పని ఆగదు. అదే రివర్స్‌లో రాసి ఉంటే శక్తి పోగు కొసనే ఉండేది, తప్పుతోపాటు అదీ పోయేది, పని అక్కడితో సరి. అంటే ముక్కలుగా రాయడం చేతకానితనం కాదు, తప్పులు దిద్దుకోగలిగినందుకు కట్టే ధర.

జపాన్ శాస్త్రవేత్తలు ఒకాజాకి దంపతులు రెయిజి, త్సునెకో 1968లో చూపించిందీ ఈ ముక్కల్నే. బ్యాక్టీరియాలో అవి వెయ్యి, రెండు వేల అక్షరాల పొడవుంటాయి. పాలిమరేజ్-1 ప్రైమర్లని తీసేసి ఆ ఖాళీ నింపుతుంది, చివరి చీలికని లైగేజ్ మూస్తుంది. వేడి తగిలితే లైగేజ్ పనిచేయని టీ4 వైరస్‌తో చేసి చూస్తే, అతుకు పడని పొట్టి ముక్కలు పోగుపడ్డాయి. అతికేవాడు లేకపోతే ఏమవుతుందో అలా తెలిసింది.

ఇక ముక్కలుగా రాసే పోగు ఆలస్యమవుతుందా? కాదు. రెండు పోగుల పాలిమరేజ్‌లూ ఒకే యంత్రంలో కట్టేసి ఉంటాయి, అటుపక్క పోగు ఉచ్చులా మడత పడి ఇవతలి దానితో సమానంగా నడుస్తుంది. అయిపోయాక ప్రతి కొత్త అణువులో ఒక పాత పోగు, ఒక కొత్త పోగు. మెసల్సన్, స్టాల్ అనే శాస్త్రవేత్తలు 1958లో బరువు నైట్రోజన్‌తో తూచి మరీ తేల్చారు. ఏ పిల్ల కణానికీ నాసిరకం అణువు రాదు.

అసలు విషయం ఇప్పుడు చెబుతాను. ఈ. కోలై అనే బ్యాక్టీరియాలో గుండ్రటి డీఎన్‌ఏ 'ఆరిజిన్' అనే ఒకే చోట విచ్చుకుని, పోగులు విడిపోయే రెండు కూడళ్లు, అంటే ఫోర్కులు, ఎదురు దిక్కులకి పరుగెడతాయి. ఒక ఫోర్కులో ఏ పాత పోగు ఎదుట నకలు ఏకధాటిగా సాగుతుందో, రెండో ఫోర్కులో అదే పోగు ఎదుట నకలు ముక్కలుగా సాగుతుంది! లీడింగ్, లాగింగ్ అనేవి పోగుకి పుట్టుకతో వచ్చిన గుణాలు కావు. ఆ క్షణంలో అది ఏ వైపున ఉందన్నదే లెక్క.

ఇది ఇంటర్ పుస్తకంలో ఉంది సార్! చదవకుండానే పదహారేళ్ల పిల్లాడి ఐడీ కార్డు మీద 'లాగింగ్' అని అచ్చేస్తారా? వాడు మెస్‌లో ప్లేటు పట్టుకుని లైన్లో నిలబడితే ముందున్న పిల్ల ఆ కార్డు చదివి పక్కకి జరిగింది. ఇది మీకు బయాలజీ అనిపించిందా? సిగ్గుండాలి!

యాజమాన్యానికి నా సూచన ఒకటే. మీరు అంత శాస్త్రీయంగా ఉండదలచుకుంటే కారిడార్ మధ్యలో 'ఆరిజిన్' అని గీత గీయండి. గీత దాటిన ప్రతిసారీ మీ టాపర్ల కార్డులు లాగింగ్‌కి, లాగింగ్ వాళ్ల కార్డులు లీడింగ్‌కి మార్చాలి. ఎక్స్‌ట్రా స్టడీ అవర్ ఫీజు కూడా అప్పుడు టాపర్ల నాన్నల దగ్గరే వసూలు చేయండి, చూద్దాం.