జీతం కావాలా, ఎక్స్‌పీరియన్స్ లెటర్ కావాలా అని అడుగుతున్నారు

ఇప్పుడే ఒక కుర్రాడు ఫోన్ పెట్టేశాడు. కావలి దగ్గర పిల్లోడు. సివిల్ చదివి, దర్శి వైపు ఒక కాంట్రాక్టు కంపెనీలో కాలువ పనుల మీద సైట్ ఇంజినీరుగా చేశాడు. నెలకు 20 వేలు. నాలుగు నెలల జీతం రావాలి. మానేసి వచ్చి, ఈ రోజు ఆఫీసుకెళ్లి అడిగాడు. అక్కడి మేనేజర్ అన్న మాట ఇది: "పెండింగ్ వదిలేస్తే ఎక్స్‌పీరియన్స్ లెటర్ ఇప్పుడే ఇస్తాం. జీతమే కావాలంటే బిల్లు పడ్డాక చూద్దాం, లెటర్ మాత్రం అడగొద్దు."

ఆ పిల్లోడు నన్ను అడిగింది ఏంటో తెలుసా? "అన్నా, లెటర్ తీసుకునేదా?" అని. 80 వేల రూపాయలు వదులుకోవడానికి సిద్ధపడిపోయాడు. నాకు ఒళ్లు మండిపోయింది. అందుకే ఇది రాస్తున్నా.

బిల్లు పడలేదు అనే మాట ముందు తేల్చుకుందాం. గవర్నమెంటు పనిలో బిల్లు ఆలస్యం అవుతుంది, కాదనను. ఏఈ కొలతలు ఎం-బుక్ అనే కొలతల పుస్తకంలో ఎక్కించాలి, డీఈ చెక్ మెజర్‌మెంట్ చేయాలి, ఈఈ పాస్ చేయాలి, ఆ తర్వాత పే అండ్ అకౌంట్స్ ఆఫీసు, చివరికి గవర్నమెంటు చెల్లింపుల ఆన్‌లైన్ సిస్టమ్ సీఎఫ్ఎంఎస్. అక్కడ నెలల తరబడి ఆగిన బిల్లులు నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఏ కాంట్రాక్టరును అడిగినా చూపిస్తాడు. పైగా ఇలాంటి కంపెనీలు నేరుగా టెండరు వేసినవి కావు. పెద్ద ఏజెన్సీ దగ్గర సబ్ కాంట్రాక్టు, ఆ సబ్ దగ్గర ముక్కలుగా తీసుకున్న పీస్ వర్కు. ఇన్‌కం ట్యాక్స్, 1 శాతం లేబర్ సెస్, మట్టి, కంకర మీద సీనరేజి, హామీగా ఆపే రిటెన్షన్ అన్నీ పట్టుకుని పై ఏజెన్సీకి డబ్బు చేరుతుంది. వాళ్లు తమ వాటా తీసుకున్నాక మిగిలింది కిందికి వస్తుంది. ఇదంతా నిజమే.

కానీ ఆ మిగిలిన డబ్బు కంపెనీ చేతికొచ్చాక ఏం జరుగుతుందో చూడండి. ఈ పిల్లోడు తన చేత్తో అబ్‌స్ట్రాక్ట్, అంటే మొత్తం లెక్క రాసిన బిల్లు ఒకటి పడింది. సుమారు 60 లక్షల పని. దాంట్లోంచి ముందు ఫైనాన్స్ వాడి వడ్డీ కట్టారు, ఎందుకంటే కట్టకపోతే టిప్పర్లు తీసుకెళ్తాడు. తర్వాత డీజిల్ బంకు, ఎందుకంటే ఆ అప్పు తీరకపోతే తెల్లారి ప్రొక్లెయిన్ కదలదు. తర్వాత స్టీలు, సిమెంటు డీలర్లు. తర్వాత సెంట్రింగ్ మేస్త్రీకి వారం కూలి బట్వాడా. ఆదివారం బట్వాడా ఆగితే సోమవారం కాంక్రీటు ఉండదు, మనుషుల్ని తీసుకుని ఇంకో సైటుకి వెళ్లిపోతాడు. ఇక మిగిలింది నలుగురు ఇంజినీరు పిలకాయలు. నలుగురికీ నాలుగు నెలలు కలిపితే 3 లక్షల 20 వేలు. 60 లక్షల బిల్లులో అది ఎంత? అయినా ఇవ్వలేదు. ఎందుకంటే వీళ్లు పని ఆపరు. ఆపితే లెటర్ రాదని భయం. కొన్ని చోట్ల ఒరిజినల్ సర్టిఫికెట్లు కూడా బీరువాలో పెట్టుకుంటారు.

పని ఆపగలిగిన వాడికి ముందు డబ్బు, ఆపలేని వాడికి చివర. నేను చూసిన ప్రతి చిన్న కంపెనీలో ఇదే వరుస. బిల్లు ఆలస్యం ఎవరికీ కొత్త కాదు. ఆ ఆలస్యాన్ని మోయడానికి ఇంట్లో అప్పు చేసి చదువుకున్న పిల్లోడిని ఎంచుకోవడం, అదీ నా కోపం.

పిల్లోడికి నేను చెప్పింది రాస్తాను, మిగతా వాళ్లకూ పనికొస్తుంది. వేతనాల కోడ్ 2019 అనే చట్టం 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. అందులో సూపర్‌వైజర్లు, టెక్నికల్ వాళ్లు కూడా ఉద్యోగులే. నెల జీతం వచ్చే నెల 7వ తేదీ లోపు ఇవ్వాలి. రాజీనామా చేసిన వాడికి రెండు పని దినాల్లో బకాయి తీర్చాలి. గవర్నమెంటు బిల్లు పడ్డాక అనే మినహాయింపు అందులో లేదు. లెటర్ కోసం జీతం వదులుకుంటున్నానని ఏ కాగితం మీదా సంతకం పెట్టొద్దన్నాను. బ్యాంకులో మొదటి నెలల జీతం పడిన స్టేట్‌మెంటు, రోజూ గ్రూపులో పెట్టిన పని రిపోర్టులు, అంటే డీపీఆర్‌లు, కాంక్రీటు పోయడానికి అనుమతి కోసం డిపార్ట్‌మెంటు వాళ్లకు పంపిన మెసేజీలు, తన సంతకం ఉన్న కాంక్రీటు క్యూబ్ టెస్టుల రిజిస్టరు ఫోటోలు ఒక చోట పెట్టమన్నాను. అక్కడ పని చేశాడని చెప్పడానికి ఆ కంపెనీ లెటర్ కన్నా ఇవే గట్టి సాక్ష్యం. వీటితో కార్మిక శాఖ ఆఫీసులో అర్జీ ఇవ్వొచ్చు. తర్వాత ఇంటర్వ్యూలో కూడా ఈ ఫోటోలు పెట్టి పని గురించి మాట్లాడితే తెలిసిన వాడు గుర్తిస్తాడు.

చేరే ముందే తెలుసుకోవచ్చు కదా అంటారు. తెలుసుకోవచ్చు. కానీ ఆఫీసులో కాదు. ఆఫీసులో అందరూ జీతం ఫస్టుకే అంటారు. సైటుకెళ్లి మేస్త్రీని అడగండి, పోయిన వారం బట్వాడా ఎప్పుడిచ్చారని. సైట్ మెస్‌కి సరుకులు ఇచ్చే కొట్టు వాడిని అడగండి, ఖాతా ఎన్నాళ్లుగా ఉందని. వాళ్లకే ఆగుతున్నాయంటే మీకు వచ్చేది లేదు. అక్కడ పనిచేసే ఇంజినీరు దొరికితే పీఎఫ్ పాస్‌బుక్ చూపించమనండి. జీతంలో పీఎఫ్ కోస్తూ పాస్‌బుక్‌లో ఆరు నెలలుగా ఏమీ పడకపోతే ఆ కంపెనీ ఊపిరి ఎక్కడుందో అర్థమవుతుంది. ఒరిజినల్స్ ఇవ్వమంటే అక్కడి నుంచే వెనక్కి తిరగండి.

అపార్ట్‌మెంటు బిల్డర్ల దగ్గర కథ వేరు. నెల్లూరులో గానీ ఒంగోలులో గానీ స్లాబులు పడుతున్నంత కాలం జీతాలు బాగానే వస్తాయి, ఎందుకంటే కొన్నవాళ్ల బ్యాంకు లోను స్లాబు స్లాబుకీ విడుదలవుతుంది. స్లాబులు అయిపోయి గోడలు, ప్లాస్టరింగు, టైల్స్‌కి వచ్చేసరికి రావాల్సిన డబ్బులో చాలా భాగం వచ్చేసి ఉంటుంది, ఖర్చు మాత్రం మిగిలి ఉంటుంది. ఫ్లాట్లు అమ్ముడుపోకపోతే అప్పుడే జీతం లాగుతారు. అందుకే బిల్డర్ దగ్గర చేరేవాళ్లు బిల్డింగు ఏ దశలో ఉందో, ఎన్ని ఫ్లాట్లు అమ్మారో అడగాలి. ఇది అడగడానికి మొహమాటపడొద్దు.

పోర్టు పనులు, హైవే పనులు చేసే పెద్ద కంపెనీల్లో జీతం తేదీకి పడుతుంది. దానికి వంక పెట్టను. కానీ ఒక పిల్లోడిని పైల్ క్యాప్ షట్టరింగ్ చెక్‌లిస్టు మీద రెండేళ్లు నిలబెడతారు. ప్లంబు, లెవెల్, కవర్ బ్లాకులు, సంతకం. రెండేళ్ల తర్వాత వాడికి ఆటో లెవెల్‌తో బెంచ్ మార్క్ ఎత్తును సైటుకి తీసుకురావడం రాదు, కడ్డీల లెక్క రాసే బార్ బెండింగ్ షెడ్యూల్ రాదు, బిల్లు రాయడం అసలే రాదు. అక్కడున్న వాళ్లు బతిమాలుకునైనా ఆరు నెలలు బిల్లింగ్‌లో కూర్చోండి. డ్రాయింగు ప్రకారం ఎంత స్టీలు, సైటుకి ఎంత వచ్చింది, ముక్కలు ఎంత మిగిలాయి అని లెక్క కట్టడం నేర్చుకున్న వాడికి ఈ రంగంలో పని ఆగదు. నా కావలి పిల్లోడు ఆ దరిద్రపు కంపెనీలో నేర్చుకున్నది ఇదే. ఎం-బుక్‌కి కొలతలు తయారుచేయడం వాడికి వచ్చు. పని మొత్తం వాడి చేత్తోనే నడిచింది. డబ్బే ఇవ్వలేదు.

మరి డిజైన్ ఆఫీసో అంటారు. నీడ పట్టున పని, అమ్మాయిలకు బాగుంటుంది, పెళ్లి సంబంధాల్లో గౌరవం అని ఇళ్లల్లో తోసేది అక్కడికే. దీని మీద నాకు ఎప్పటి నుంచో ఉన్న మంట ఇప్పుడు చెప్తాను.

మన ఊళ్లలో చిన్న డిజైన్ ఆఫీసులు చాలా వాటిలో జీతం తక్కువైనా పెద్దగా ఆగదు. ఆగేది నేర్చుకోవడం. బిల్డింగు బలం లెక్క కట్టే స్టాడ్ సాఫ్ట్‌వేర్ ఫైలు సార్ లాప్‌టాప్‌లో ఉంటుంది, పాస్‌వర్డుతో. పిల్లలకు ఇచ్చేది పాత డ్రాయింగు. దాంట్లో ఓనరు పేరు మార్చు, కాలమ్ పొజిషన్లు జరుపు, ప్రింటు తియ్యి. నాకు తెలిసిన ఒక అమ్మాయి అలాంటి ఆఫీసులో చేరింది. ఒంగోలు వైపు ఒక అపార్ట్‌మెంటుకి కాలమ్‌ల కింద పునాది దిమ్మెల సైజులు, అంటే ఫుటింగ్ షెడ్యూలు గీస్తోంది. కాలమ్ మీద లోడు 90 టన్నులు. ఫుటింగ్ బరువుకి పది శాతం కలిపితే 99. పాత డ్రాయింగులో నేల బలం చదరపు మీటరుకి 15 టన్నులని ఉంది. 99ని 15తో భాగిస్తే 6.6 చదరపు మీటర్లు, అంటే 2.6 మీటర్ల చదరం. ఆ సైజే అన్ని డ్రాయింగుల్లోనూ తిరుగుతోంది. ఆ అమ్మాయి "సార్, ఈ సైటు సాయిల్ రిపోర్టు ఎక్కడుంది?" అని అడిగింది.

అది నల్లరేగడి నేల. రిపోర్టులో 10 టన్నులే వస్తే? 99ని 10తో భాగిస్తే 9.9 చదరపు మీటర్లు. 3.15 మీటర్ల ఫుటింగ్ కావాలి. 2.6 మీటర్లే వేస్తే నేల మీద పడేది 14.6 టన్నులు, అంటే తట్టుకునే దానికన్నా దాదాపు సగం ఎక్కువ. బిల్డింగు వెంటనే కూలదు. ఒక కాలమ్ పక్క కాలమ్ కన్నా ఎక్కువ కుంగుతుంది. రెండు మూడు వానాకాలాలు గడిచాక కిటికీ మూలల నుంచి ఏటవాలుగా పగుళ్లు వస్తాయి, తలుపులు బిగుసుకుంటాయి. అప్పుడు ఫ్లాటు కొన్నవాడు మేస్త్రీని తిడతాడు. డ్రాయింగు మీద స్టాంపు వేసిన వాడిని ఎవరూ అడగరు.

ఆ అమ్మాయికి వచ్చిన జవాబు: "నీ పని గీయడం. రిపోర్టుతో నీకేం పని?" నెల తిరక్కుండా ఇంక రావొద్దన్నారు. ఒక్క ప్రశ్నకి. ఆ ప్రశ్నే కదా డిజైన్ అంటే! స్టాడ్‌లో బటన్లు నొక్కడం మూడు నెలల కోర్సులో వస్తుంది. ఆ లోడు ఎక్కడి నుంచి వచ్చింది, ఆ నేల ఎంత మోస్తుంది అని అడగడం నేర్పాల్సిన చోటే అడగొద్దంటే పిల్లలు ఇంకెక్కడ నేర్చుకుంటారు?

నన్ను పిలకాయల్ని పంపమని ఆఫీసుల వాళ్లు అడుగుతుంటారు. సైటైనా, బిల్డరైనా, డిజైన్ ఆఫీసైనా నేను చూసేది రెండే. 7వ తేదీకి జీతం పడుతుందా, పిల్లోడు అడిగిన దానికి జవాబు చెప్తారా. సాయిల్ రిపోర్టు అడిగిన అమ్మాయిని పంపించేసిన ఆ ఆఫీసు వాళ్లు పోయిన నెల కూడా ఫోన్ చేశారు, మంచి డ్రాఫ్టర్ ఉంటే చెప్పమని. వాళ్లకు మాత్రం ఎవర్నీ పంపను.