పది నిమిషాలకో పోల్ అనే సూత్రం ఎందుకు పనిచేయదు

వెబినార్లు నడిపేవాళ్లకు వినిపించే సలహా ఒకటుంది: "ఆన్‌లైన్‌లో ఎవరి దృష్టీ పది నిమిషాలకు మించి నిలవదు. కాబట్టి ప్రతి పది నిమిషాలకూ ఒక పోల్ పెట్టండి. ప్రశ్న ఏదైనా పర్లేదు, క్లిక్ చేస్తే చాలు. మధ్యలో మౌనం మాత్రం రానివ్వకండి, జనం వెళ్లిపోతారు."

ముందు ఆ పది నిమిషాల లెక్క చూద్దాం. 2007లో విల్సన్, కోర్న్ అనే పరిశోధకులు దీనికి ఆధారం ఏమిటని పాత అధ్యయనాలన్నీ తిరగేస్తే గట్టిది ఏదీ దొరకలేదు. 2010లో డయాన్ బన్స్ బృందం కెమిస్ట్రీ క్లాసులో విద్యార్థులకు క్లిక్కర్లు ఇచ్చి, మనసు పక్కకు పోయినప్పుడల్లా నొక్కమంది. దృష్టి ఏదో ఒక నిమిషం దగ్గర ఒక్కసారిగా పడిపోలేదు. క్లాసు మొదటి నుంచీ చిన్న చిన్న విరామాలుగా పోతూ వస్తూనే ఉంది. ప్రశ్న అడిగినప్పుడో, ప్రయోగం చేసి చూపినప్పుడో ఆ జారడం తగ్గింది, వెంటనే వచ్చిన ఉపన్యాసంలో కూడా తగ్గింది. అది తరగతి గది, వెబినార్ కాదు, నిజమే. కానీ గడియారం చూసి పోల్ పెట్టమనే మాటకు అక్కడ కూడా ఆధారం లేదు. పోల్ పెట్టాల్సింది విషయం మలుపు తిరిగే చోట.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది "ప్రశ్న ఏదైనా పర్లేదు" అన్న మాట. మోసపు మెయిళ్లను గుర్తించడం మీద 45 నిమిషాల వెబినార్ ఉందనుకోండి. "మీకెప్పుడైనా ఇలాంటి మెయిల్ వచ్చిందా? అవును, కాదు" అని అడిగితే దాదాపు అందరూ అవుననే అంటారు. ఆ జవాబు వల్ల మీరు తర్వాత చెప్పేది ఒక్క మాట కూడా మారదు. వినేవాళ్లకు అది తెలిసిపోతుంది. రెండో పోల్‌కి చాలామంది వేలు కూడా కదపరు.

దాని బదులు, పాఠం చెప్పకముందే స్క్రీన్ మీద ఒక మెయిల్ పెట్టి "ఇందులో మీరు ముందు దేన్ని చూస్తారు?" అని అడగండి. పంపినవాళ్ల చిరునామా, లింక్ నిజంగా తీసుకెళ్లే చోటు, అక్షర దోషాలు, తొందరపెట్టే మాటలు అని నాలుగు ఎంపికలు చాలు. సగం మంది అక్షర దోషాలను ఎంచుకున్నారంటే, అక్కడ ఆగి ఒక్క తప్పు కూడా లేని మోసపు మెయిల్ చూపించాలి. ఎక్కువమంది లింక్ అంటే, ఆ భాగం కుదించి ముందుకు వెళ్లొచ్చు. అంటే రెండు దారులకూ స్లైడ్లు ముందే సిద్ధంగా ఉండాలి. నా దృష్టిలో పోల్ తయారీలో అసలు పని ఇదే. జవాబు ఎటు వచ్చినా మీ తర్వాతి స్లైడ్ మారకపోతే ఆ పోల్ తీసేయండి.

పాఠం మధ్యలో చిన్న పరీక్షలా అడిగితే ఏమవుతుందో కూడా చూశారు. 2013లో ష్పునార్, ఖాన్, షాక్టర్ అనే పరిశోధకులు ఒక 21 నిమిషాల వీడియో పాఠాన్ని నాలుగు ముక్కలు చేశారు. ముక్క ముక్కకూ పరీక్ష రాసినవాళ్లలో మనసు పక్కకు పోవడం మిగతావాళ్లతో పోలిస్తే సగానికి తగ్గింది, పాఠమూ బాగా గుర్తుంది. అదే భాగాన్ని ఊరికే మళ్లీ చదివినవాళ్లకు ఆ లాభం రాలేదు. ఫలితం వచ్చింది గుర్తు చేసుకునే శ్రమ వల్ల, క్లిక్ వల్ల కాదు.

ఇక సమయం. ప్రశ్నను పైకి చదవడం, జవాబులకు ఆగడం, ఫలితం మీద మాట్లాడటం అన్నీ కలిపితే ఒక మంచి పోల్‌కి నాలుగు నిమిషాలు పడుతుంది. 45 నిమిషాల్లో మూడు పెడితేనే పన్నెండు నిమిషాలు పోయాయి. అంతకు మించితే విషయం చెప్పడానికి చోటుండదు.

మౌనం గురించిన భయంలో కొంత నిజం ఉంది. చెప్పకుండా ఆగితే ఆడియో పోయిందనుకుని చాట్‌లో "వినిపించడం లేదు" అని వరసగా మెసేజ్‌లు వస్తాయి. అందుకే ముందే చెప్పాలి: "ఒక నిమిషం నేను మాట్లాడను, మీరు ఈ మెయిల్ చదవండి." స్లైడ్ మీద టైమర్ కనబడాలి. ఆ నిమిషంలో నిజంగా మాట్లాడకూడదు. చదువుతున్నవాళ్ల చెవిలో మీ గొంతు పడితే రెండూ బుర్రకెక్కవు. తరగతుల్లో ప్రశ్న అడిగాక టీచర్లు సగటున ఒక్క సెకను మించి ఆగరని, మూడు సెకన్లకు పెంచితే జవాబులు పొడుగ్గా, మెరుగ్గా వస్తాయని మేరీ బడ్ రో అనే విద్యా పరిశోధకురాలు 1970లలోనే గమనించారు. ఆన్‌లైన్‌లో మ్యూట్ తీయాలి, టైప్ చేయాలి కాబట్టి ఇంకా ఎక్కువ ఆగాలి. వెబినార్‌ను యూట్యూబ్ లాంటి చోట లైవ్‌లో కూడా ఇస్తుంటే, అక్కడివాళ్లకు మీ మాట కొన్ని సెకన్ల నుంచి అర నిమిషం దాకా ఆలస్యంగా చేరొచ్చు. వాళ్లను చాట్‌లో జవాబు రాయమన్నప్పుడు ఆ ఆలస్యం కలుపుకుని ఆగకపోతే, వాళ్లకు ప్రశ్న వినబడేసరికి మీరు ఫలితం చదివేస్తుంటారు.

పోల్ పనిచేస్తోందో లేదో తెలియాలంటే ఆ క్షణంలో లోపల ఉన్నవాళ్లలో ఎంతమంది జవాబిచ్చారో చూడండి. రిజిస్టర్ చేసుకున్నవాళ్ల సంఖ్యతో పోల్చొద్దు. మనుషులు లోపలే ఉండి మూడో పోల్‌కి జవాబులు బాగా తగ్గితే రెండు కారణాలు చూడాలి. ఒకటి, ఫోన్‌లో చూసేవాళ్లకు పోల్ విండో తెరుచుకోగానే స్లైడ్ మీద మెయిల్ కనబడకుండా పోయి ఉండొచ్చు. అలాంటప్పుడు ముందు మెయిల్ చూపించి, చదవడం అయ్యాకే పోల్ తెరవాలి. రెండోది, మొదటి రెండు పోల్‌ల ఫలితాన్ని మీరు "బాగుంది" అనేసి దాటేసి ఉండొచ్చు.