రాయల అంతఃపురం: పోర్చుగీసులు చూసినదెంత, విన్నదెంత

శ్రీకృష్ణదేవరాయల వ్యక్తిగత జీవితం గురించి మనం తరచుగా చెప్పుకునే సంగతుల్లో అధికభాగం ఇద్దరు పోర్చుగీసుల రాతల నుంచి వచ్చింది. ఒకరు 1520 ప్రాంతంలో విజయనగరాన్ని చూసిన డొమింగో పేస్. మరొకరు రాయలు మరణించిన కొన్నేళ్లకు, అచ్యుతదేవరాయల కాలంలో, తాను సేకరించిన చరిత్రను రాసిన గుర్రాల వ్యాపారి న్యూనిజ్. ఈ ఇద్దరినీ మనం ఒకే రీతిన నమ్ముతున్నాం, ఒక్కొక్కరు రాసిన ప్రతి వాక్యాన్నీ కూడా ఒకే రీతిన నమ్ముతున్నాం. ఈ పద్ధతి తప్పు. కంటితో చూసి రాసిన వాక్యానికీ చెవిన పడినదాన్ని రాసిన వాక్యానికీ ఒకే విలువ ఇచ్చినంత కాలం రాయల గురించి మన చేతిలో ఉండేది చరిత్ర కాదు, ఆనాటి నగరంలో రాజు గురించి నడిచిన మాట మాత్రమే.

పేస్ ఎంతవరకు చూడగలిగాడో ఆయన రాతే చెబుతుంది. క్రిస్టోవావ్ డ ఫిగరేదో అనే పోర్చుగీసు ప్రముఖుడి వెంట దర్బారుకు వెళ్లి రాజును దగ్గర నుంచి చూశాడు. రాయలు మధ్యస్థమైన ఎత్తు, మంచి మేనిఛాయ, సన్నగా కాక కాస్త ఒళ్లున్న మనిషి అనీ, ముఖాన మశూచి మచ్చలున్నాయనీ రాశాడు. ఉల్లాసవంతుడు, విదేశీయులను ఆదరించేవాడు, న్యాయం తెలిసినవాడు, అయితే ఉన్నట్టుండి కోపం ముంచుకొచ్చే స్వభావం గలవాడు అని కూడా రాశాడు. ఇది అమూల్యమైన సాక్ష్యం. రాజును మన్మథుడితో పోల్చడం ధర్మంగా భావించిన ఆస్థానకవి మశూచి మచ్చల మాట ఎత్తడు. ఆ మచ్చలను దాచవలసిన అవసరమూ, కల్పించవలసిన అవసరమూ పేస్‌కు లేవు. రాజు బహిరంగంగా ఎలా కనిపించాడు, ఎలా పలకరించాడు అన్న విషయాల్లో పరదేశి సాక్ష్యానికి సాటి వచ్చే ఆధారం మనకు వేరే లేదు.

పేస్ బృందానికి రాజభవనంలో కొంత భాగాన్ని చూసే అనుమతి కూడా దొరికింది. దంతపు పనితనం గల గదిని, నాట్యశాలను, ద్వారం వద్ద నిలువెత్తున చిత్రించిన రాయల, ఆయన తండ్రి రూపాలను వివరంగా వర్ణించిన తరువాత, స్త్రీలుండే భాగాన్ని తమకు చూపలేదనీ, అక్కడికి నపుంసకులైన కాపలాదారులు తప్ప ఎవరూ పోరనీ ఆయన తేటతెల్లంగా చెప్పాడు. రాణులు బయటికి వస్తే మూసిన పల్లకీల్లోనే వస్తారనీ రాశాడు. సాక్షి తన చూపు ఎక్కడ ఆగిపోయిందో తానే గీత గీసి చూపాడు. ఆ గీతను చెరిపేసినవాళ్లం మనమే.

ఆ గీతకు అవతలిదే చిన్నాదేవి కథ. రాయలకు పన్నెండుమంది భార్యలని, వారిలో ముగ్గురు ముఖ్యులని పేస్ రాశాడు. ఒకరు ఒడ్రరాజు కుమార్తె, ఒకరు శ్రీరంగపట్టణం రాజు కుమార్తె, మూడవ ఆమె రాయలు రాజు కాకముందు వలచిన వేశ్య. రాజైతే పెళ్లి చేసుకుంటానని మాట ఇచ్చి దాన్ని నిలబెట్టుకున్నాడని, ఆమె మీద ప్రేమతోనే కొత్త నగరం కట్టించాడని కథనం. ఆమె పేరు పేస్ చెప్పలేదు, ఆ పేరు న్యూనిజ్ రాతలో వస్తుంది. పేస్ రాతప్రతిలో ఆ కొత్త నగరం పేరు ఉండవలసిన చోట ఖాళీ ఉంది. ప్రేమకథ అంతా తెలిసి, ఆ ప్రేమకు గుర్తుగా వెలసిన నగరం పేరు రాయలేకపోయిన ఈ పరిస్థితి ఆ వివరం ఎక్కడి నుంచి వచ్చిందో పట్టిస్తుంది. ఆ నగరం నేటి హోస్పేట ఉన్నచోట వెలసిన నాగలాపురం. శాసనాలు రాయల తల్లి పేరును నాగల, నాగలాంబ అని చెబుతున్నాయి. తల్లి పేరు మోసే ఊరిని ప్రేయసి కోసం కట్టించాడని చెప్పాలంటే వీధిలో విన్న మాటకన్నా గట్టి ఆధారం కావాలి.

ఇప్పుడు మన సొంత ఆధారాలను చూద్దాం. 1513 ఫిబ్రవరిలో రాయలు తిరుమల దర్శించినప్పుడు చిన్నాదేవి, తిరుమలదేవి ఇద్దరూ స్వామికి బంగారు గిన్నెలు సమర్పించారని శాసనాలు చెబుతున్నాయి. తిరుమల ఆలయంలో ఈనాటికీ నిలిచి ఉన్న రాయల లోహప్రతిమకు ఇరువైపులా ఉన్నదీ వీరిద్దరే, ప్రతిమల మీద పేర్లూ చెక్కి ఉన్నాయి. చిన్నాదేవి రాణి అన్నది నిస్సందేహం, దైవసన్నిధిలో తిరుమలదేవితో సమానంగా నిలిచిందన్నదీ నిస్సందేహం. ఆమె పుట్టుక గురించి శాసనం ఏమీ చెప్పదు. ‘ఆమె వేశ్య’ అన్న మాటకు ఆధారం అంతఃపురం గడప తొక్కని ఇద్దరు పరదేశీయుల రాతే.

పదిహేనేళ్ల తేడాతో వచ్చిన ఇద్దరూ ఒకే సంగతి చెప్పారు కదా, నిప్పు లేనిదే పొగ రాదు కదా అని వాదించేవారున్నారు. కథ నిజమే అయి ఉండవచ్చు, దాన్ని అబద్ధమని నేను అనడం లేదు. కానీ ఒకే నగరంలో, ఒకే వర్గపు వర్తకుల మధ్య తిరిగినవారు ఒకే మాట వినడం ఆ మాట ఎంతగా వ్యాపించిందో చెబుతుందే తప్ప అది ఎంత నిజమో చెప్పదు. వినికిడి ఇద్దరి నోట వచ్చినంత మాత్రాన చూపు కాజాలదు.

న్యూనిజ్ విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. రాయలు తన ఆరేళ్ల కుమారుడు తిరుమలకు పట్టం కట్టాడని, ఆ బాలుడు మరణించాడని, తిమ్మరుసు కొడుకు విషం పెట్టించాడని రాయలకు తెలిసిందని, ఆ మీదట తిమ్మరుసు కళ్లు పోయాయని ఆయన కథనం. 1524 నాటి శాసనాల్లో తిరుమలరాయల పేరు కనిపిస్తుంది కాబట్టి పట్టాభిషేకం వరకు న్యూనిజ్‌ను నమ్మవచ్చు. పట్టాభిషేకం వేలమంది చూసే ఉత్సవం, విషప్రయోగం ఎవరికీ కనబడని చర్య. ఒకటి రుజువైందని రెండవది దానంతట అది రుజువు కాదు. అదే న్యూనిజ్, రాయలు గజ్జల్లో నొప్పితో పోయాడని, ఆయన పూర్వీకులందరూ, బిస్నగ అంటే విజయనగర రాజులందరూ ఆ జబ్బుతోనే పోతారని రాశాడు. విజయనగరాన్ని ఏలిన సంగమ, సాళువ, తుళువ వంశాలు ఒకే రక్తం కావు. పైగా సంగమ విరూపాక్షుడిని కన్నకొడుకే చంపాడని ఆయనే రాశాడు. తన చరిత్రతోనే పొసగని ఈ వాక్యాన్ని రాయల మరణకారణంగా ఎలా స్వీకరిస్తాం?

అసలు బాధ ఇక్కడే ఉంది. ఈ రెండు రాతలను పోర్చుగీసులో 1897లో డేవిడ్ లోపెస్ వెలువరిస్తే, మూడేళ్లకే రాబర్ట్ సీవెల్ ఇంగ్లీషులోకి తెచ్చాడు. అప్పటి నుంచి రాయల ఆంతరంగిక జీవితానికి మనకు అదే మూలమైపోయింది. తిరుమల శాసనాలను దేవస్థానం 1930లలోనే సంపుటాలుగా అచ్చువేయడం మొదలుపెట్టినా, వాటిని తెరిచి చిన్నాదేవి పేరు ఏయే దానాల్లో, ఏ సంవత్సరం, ఎవరి పేరు పక్కన వస్తుందో వెతికే తెలుగు విద్యార్థి అరుదు. మన చరిత్ర శాఖల్లో శాసన లిపి బోధన ఏటికేడు సన్నగిల్లుతోంది. ఫలితంగా నవల, నాటకం, సినిమా పేస్ మీద వాలిపోతున్నాయి, పాఠ్యపుస్తకమూ వాటి వెనుకే నడుస్తోంది. రాయల అధ్యాయంలో మశూచి మచ్చలనూ ఆకస్మిక కోపాన్నీ ‘పేస్ చూసినది’ అని, పన్నెండుమంది భార్యలనూ వేశ్యాప్రణయాన్నీ ‘పేస్ విన్నది’ అని, బంగారు గిన్నెల దానాన్ని ‘1513 శాసనం’ అని ప్రతి వాక్యం పక్కన చూపాలి. పదో తరగతి విద్యార్థి కూడా ఆ తేడాను గ్రహించగలడు. రాష్ట్ర పాఠ్యపుస్తక సంఘాలు ఈ మార్పును వచ్చే ముద్రణలోనే చేయవచ్చు, దానికి కొత్త తవ్వకాలూ కొత్త నిధులూ అక్కరలేదు.